25 డిగ్రీల దగ్గర తెలిసింది, 400 దగ్గర ఎంత?

గాలిలో నైట్రోజన్‌కు కొరత లేదు. దానికి మూడింతలు హైడ్రోజన్ కలిపి, గది ఉష్ణోగ్రతలో, మామూలు పీడనంలో ఒక పాత్రలో మూసి ఉంచితే ఏమవ్వాలి? లెక్క ప్రకారం, చర్య తన చివరి మజిలీకి చేరేసరికి పాత్రలో తొంభై శాతానికి పైగా అమ్మోనియాయే ఉండాలి. నిజంగా ఉంచి చూస్తే ఏళ్ళు గడిచినా అమ్మోనియా వాసన కూడా రాదు. నైట్రోజన్ అణువులో రెండు పరమాణువులను పట్టి ఉంచిన మూడు బంధాలు ఆ చలిలో విడిపోవు. ఇనుము ఉత్ప్రేరకాన్ని పెట్టి, 400 డిగ్రీల సెల్సియస్ దాకా వేడి చేస్తేనే పని జరుగుతుంది. రామగుండంలో యూరియా చేయాలన్నా ముందు ఇలా అమ్మోనియా చేసుకోవాల్సిందే.

వేడి చేస్తే వేగం వస్తుంది, సరే. కానీ ఆ వేడిలో చివరి మజిలీ ఎక్కడుంటుంది? ఇంకా తొంభై శాతమేనా? ఈ ప్రశ్నకు కొలిమి వెలిగించకుండానే, కాగితం మీదే సమాధానం రాబట్టే దారి ఒకటుంది. అందుకు రెండు విషయాలు తెలిస్తే చాలు: ఏదో ఒక ఉష్ణోగ్రత దగ్గర సమతాస్థితి స్థిరాంకం, ఆ చర్యలో వెలువడే లేదా ఖర్చయ్యే వేడి.

ముందు ఆ స్థిరాంకం గురించి రెండు మాటలు. నైట్రోజన్, హైడ్రోజన్ కలిసి అమ్మోనియా అవుతుంటే, అమ్మోనియా మళ్ళీ విడిపోయి ఆ రెండూ అవుతుంటుంది. రెండు పనుల వేగమూ సమానమైనప్పుడు పైకి ఏ మార్పూ కనిపించదు. అదే సమతాస్థితి. అప్పుడు తయారైనదానికీ మిగిలిపోయినదానికీ ఉండే నిష్పత్తిని ఒకే అంకెలో చెప్పేది స్థిరాంకం; దాన్ని K అంటారు. మన చర్య ఇది:

N₂ + 3H₂ ⇌ 2NH₃

దీనికి K అంటే, అమ్మోనియా పీడనాన్ని వర్గం చేసి, నైట్రోజన్ పీడనంతోనూ హైడ్రోజన్ పీడనం ఘనంతోనూ భాగిస్తే వచ్చేది. పీడనాలను వాతావరణ పీడనాల్లో కొలిస్తే, 25 డిగ్రీల దగ్గర ఇది సుమారు 5,80,000. అంకె పెద్దదంటే తూకం అమ్మోనియా వైపు బాగా ఒరిగిందని అర్థం. K ఒక ఉష్ణోగ్రతకు ఒకటే ఉంటుంది, ఉష్ణోగ్రత మారితే మారుతుంది.

ఎంత మారుతుందో చెప్పే సూత్రానికి డచ్ రసాయన శాస్త్రవేత్త వాంట్ హాఫ్ పేరే ఉంది. 1884లో వెలువడిన పుస్తకంలో ఆయన ఈ సంబంధాన్ని వివరించాడు. 1901లో రసాయన శాస్త్రంలో మొట్టమొదటి నోబెల్ బహుమతి అందుకున్నది కూడా ఆయనే. మన అవసరానికి సూత్రం ఇలా ఉంటుంది:

ln(K₂/K₁) = −(ΔH/R) × (1/T₂ − 1/T₁)

ఇందులో ln అంటే సహజ సంవర్గమానం. ΔH చర్య ఎంథాల్పీ, అంటే చర్యలో ఇచ్చిపుచ్చుకునే వేడి. R వాయు స్థిరాంకం, దాని విలువ 8.314. T₁, T₂ రెండు ఉష్ణోగ్రతలు, కెల్విన్‌లలో. ఇంతే. ఇంత చిన్న సూత్రం ఎలా సరిపోతుందన్న అనుమానం రావడం సహజం. ఎందుకంటే చర్య ఎటు ఒరుగుతుందో తేల్చేవి రెండు: ఒకటి వేడి, రెండోది అణువుల చెల్లాచెదురుతనం, అంటే ఎంట్రోపీ. సూత్రంలో ఎంట్రోపీ ఎక్కడా కనిపించదు. నిజానికి అది ఎక్కడికీ పోలేదు. K సంవర్గమానాన్ని విడదీస్తే ΔH ను ఉష్ణోగ్రతతో భాగించిన ముక్క ఒకటి, ఎంట్రోపీ ముక్క ఒకటి వస్తాయి. ఎంట్రోపీ ముక్కలో ఉష్ణోగ్రత లేదు. అందుకే రెండు ఉష్ణోగ్రతల దగ్గర రాసుకుని ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే అది కొట్టుకుపోతుంది. K₁ ముందే తెలియాలన్న షరతు ఇందుకే. ఎంట్రోపీ గురించి మనకు కావలసిన సమాచారమంతా K₁ లోపలే దాగి ఉంది.

ఇప్పుడు లెక్క చేద్దాం. పైన రాసిన చర్య ఒకసారి పూర్తిగా జరిగితే, అంటే రెండు మోల్‌ల అమ్మోనియా తయారైతే, 25 డిగ్రీల దగ్గర 92.2 కిలోజౌళ్ళ వేడి బయటికొస్తుంది. వేడి బయటికి పోతుంది కాబట్టి ΔH విలువ −92,200 జౌళ్ళు. T₁ 298.15, T₂ 673.15 (అంటే 400 డిగ్రీలు). ΔH ను R తో భాగించి గుర్తు మారిస్తే 11,090. ఉష్ణోగ్రతల విలోమాల తేడా −0.001868. రెండూ గుణిస్తే −20.72. మొదటి K సంవర్గమానం 13.27. అందులోంచి 20.72 పోతే −7.45 మిగులుతుంది. సంవర్గమానం −7.45 ఉన్న సంఖ్య 0.00058.

అయిదు లక్షల ఎనభై వేలు కాస్తా ఒకటి కంటే ఎంతో చిన్న భిన్నమైపోయింది. వేడిని బయటికి పంపే చర్యను వేడి చేస్తే అది వెనక్కి తగ్గుతుందని ఇంటర్ పుస్తకంలో లె షాట్లియే సూత్రంగా చదువుకున్నాం. ఆ సూత్రం దిక్కు మాత్రమే చెబుతుంది. ఎంత దూరమో ఈ లెక్క చెబుతోంది.

సరే, కాగితం మీద వచ్చిన అంకె కొలతకు నిలుస్తుందా? అమ్మోనియా సమతాస్థితిని జాగ్రత్తగా కొలిచినవాళ్ళలో అమెరికాకు చెందిన లార్సన్, డాడ్జ్ ముఖ్యులు. 1923లో వాళ్ళు ప్రచురించిన పట్టికను ఇప్పటికీ ఉదహరిస్తుంటారు. 400 డిగ్రీల దగ్గర, 10 వాతావరణ పీడనాల వద్ద వాళ్ళకు దొరికిన విలువను మన చర్యకు తగ్గట్టు మారిస్తే 0.000166 వస్తుంది. మన లెక్కలో వచ్చింది 0.00058. మూడున్నర రెట్లు ఎక్కువ!

దీన్ని ఘోరమైన తప్పు అనాలో గొప్ప విజయం అనాలో చూసే కళ్ళను బట్టి ఉంటుంది. అసలు K పడిపోయింది దాదాపు 350 కోట్ల రెట్లు. అంత పతనాన్ని మూడున్నర రెట్ల తేడాతో పట్టుకోవడం తక్కువేమీ కాదు. ఈ దారిలో వెళ్ళాలా వద్దా అని తేల్చుకోవడానికి అది చాలు. కానీ రియాక్టర్ గీసే ఇంజనీరుకు మూడున్నర రెట్ల పొరపాటు చెల్లదు. కాబట్టి తేడా ఎక్కడ దూరిందో వెతకాలి.

సూత్రంలో మనం మాట్లాడకుండా ఒప్పుకున్న షరతు ఒకటుంది. 25 డిగ్రీల దగ్గర వెలువడే 92.2 కిలోజౌళ్ళే 400 డిగ్రీల దగ్గరా వెలువడతాయని అనుకున్నాం. అది నిజం కాదు. ఎందుకో చూడటానికి ఒక చుట్టుదారి పట్టుకుందాం. 400 డిగ్రీల దగ్గర ఉన్న నైట్రోజన్, హైడ్రోజన్‌లను ముందు 25 డిగ్రీలకు చల్లార్చుదాం. నాలుగు మోల్‌ల వాయువు చల్లారుతూ సుమారు 43 కిలోజౌళ్ళు ఇస్తుంది. ఆ చలిలో చర్య జరిపిస్తే 92.2 వస్తాయి. తర్వాత తయారైన అమ్మోనియాను తిరిగి 400 డిగ్రీలకు వేడి చేయాలి. అది రెండు మోల్‌లే కాబట్టి దానికి 26 కిలోజౌళ్ళు చాలు. మొత్తం మీద చేతికొచ్చింది 109. అంటే నాలుగు అణువులు పోయి రెండు మిగిలే చర్య కావడం వల్ల, వేడెక్కే కొద్దీ ΔH పెరుగుతోంది. అసలు విలువ ఇంకొంచెం తక్కువ, 105 దగ్గర. అమ్మోనియాను వేడి చేసే కొద్దీ ఒక్కో డిగ్రీకి అది మరింత వేడిని తాగుతుంది, మనం మాత్రం గది ఉష్ణోగ్రత అంకెనే చివరిదాకా వాడాం.

ఇక 92.2 కు బదులు, ఆ చివర 92.2 కూ ఈ చివర 105 కూ మధ్యగా 98.6 తీసుకుని అదే సూత్రంలో పెట్టి చూడండి. గుణకారం −22.16 అవుతుంది, సంవర్గమానం −8.89 కు దిగుతుంది, K₂ 0.00014 వస్తుంది. కొలిచినది 0.000166. మూడున్నర రెట్ల తేడా ఇరవై శాతం లోపుకు వచ్చేసింది. సూత్రాన్ని మార్చలేదు, అందులో వేసే వేడి విలువ మాత్రమే మార్చాం. పాఠ్యపుస్తకాలు ΔH స్థిరమనుకుంటే అని ఒక్క వాక్యంలో దాటేసే మాట మీదే ఫలితమంతా ఆధారపడి ఉందన్నమాట.

ఈ చర్యలో ΔH ఒక్క కిలోజౌల్ అటూ ఇటూ అయితే ఏమవుతుందో చూస్తే విషయం ఇంకా తేటపడుతుంది. 25 నుంచి 400 డిగ్రీల దాకా లెక్క కట్టేటప్పుడు ఆ ఒక్క కిలోజౌల్ K₂ ను దాదాపు 25 శాతం కదిలిస్తుంది. అదే 400 నుంచి 450 కి లెక్క కడితే ఒకటింబావు శాతమే కదిలిస్తుంది. అందుకే పని తెలిసినవాళ్ళు వీలైనంత దగ్గరి ఉష్ణోగ్రత నుంచి బయలుదేరతారు. 400 డిగ్రీల దగ్గర కొలిచిన 0.000166 ను పట్టుకుని, ΔH ను 105 గా తీసుకుని 450 కి వెళితే, విలోమాల తేడా −0.0001027 మాత్రమే. K₂ 0.000045 వస్తుంది. లార్సన్, డాడ్జ్ కొలతను బట్టి అది 0.000043. ఇక్కడ పాత 92.2 నే మొండిగా వాడినా 0.000053 వచ్చేది. దూరం తక్కువైనప్పుడు సూత్రం చాలా తప్పులను క్షమిస్తుంది.

క్షమించని తప్పు ఒకటుంది. అది K₁ లో తప్పు. మొదటి విలువ ఆరు రెట్లు ఎక్కువుంటే, ఎన్ని డిగ్రీలు వెళ్ళినా K₂ కూడా సరిగ్గా ఆరు రెట్లే ఎక్కువుంటుంది. ఆ తప్పు తగ్గదు, పెరగదు, అలా వెంట వస్తుంది. ఈ చర్య చరిత్రలోనే దీనికి ఉదాహరణ ఉంది.

జర్మనీలోని కార్ల్స్‌రూహెలో పనిచేస్తున్న ఫ్రిట్జ్ హాబర్ 1904-05 ప్రాంతంలో ఈ సమతాస్థితిని కొలిచాడు. తక్కువ వేడిలో చర్య కదలదు కాబట్టి 1020 డిగ్రీల దాకా వెళ్ళాడు. అంత వేడిలో అమ్మోనియా దాదాపు మిగలదు. ఆయన తేల్చిన వాటా 0.012 శాతం. పదివేల వంతుల్లో ఒక్క వంతు చిల్లరను కొలవడం ఆ రోజుల్లో మామూలు పని కాదు. బెర్లిన్‌లో వాల్తేర్ నెర్న్‌స్ట్ అప్పుడే తన ఉష్ణ సిద్ధాంతాన్ని ప్రతిపాదించాడు. దాని సాయంతో, చర్యలో వచ్చే వేడిని బట్టే K ఎంతుండాలో అంచనా వేయవచ్చు. తన అంచనాకు హాబర్ అంకె కుదరడం లేదని ఆయన గమనించాడు. 1907లో హాంబర్గ్‌లో జరిగిన బున్సెన్ సంఘం సమావేశంలో ఆ మాట అందరి ముందే గట్టిగా అన్నాడు. హాబర్‌కు అది అవమానంగానే తోచింది. అప్పటికే ఆయన రాబర్ట్ లె రోసిన్యోల్‌తో కలిసి మళ్ళీ కొలిచే పనిలో ఉన్నాడు. కొత్త కొలతల్లో 1000 డిగ్రీల దగ్గర వాటా 0.005 శాతం చుట్టూ తేలింది.

అమ్మోనియా వాటాలో 0.012 కూ 0.005 కూ తేడా రెండున్నర రెట్లు కూడా లేదు. కానీ K లో అమ్మోనియా పీడనం వర్గమై కూర్చుంటుంది, కాబట్టి అక్కడ తేడా ఆరు రెట్లకు దగ్గరవుతుంది. ఆ తప్పు K నుంచి 400 డిగ్రీలకు లెక్క కట్టుకున్నవాడికి అక్కడా ఆరు రెట్ల అదనపు ఆశ కనిపిస్తుంది. దీన్ని మనం తిరగేసి కూడా సరిచూడవచ్చు. 400 దగ్గరి మంచి కొలత నుంచి, ΔH ను 105 కూ 110 కూ మధ్య ఎక్కడ తీసుకున్నా, 1000 డిగ్రీల దగ్గర మామూలు పీడనంలో అమ్మోనియా 0.004 నుంచి 0.005 శాతం మధ్యే వస్తుంది. 0.012 రాదు. ఈ ఒక్క చిన్న సూత్రంతోనే రెండు దూరపు కొలతలు ఒకదానితో ఒకటి పొసగుతున్నాయో లేదో కనిపెట్టవచ్చు. నా దృష్టిలో దాని అసలైన ఉపయోగం ఇదే. తెలియని అంకెను తెచ్చిపెట్టడం కంటే, తెలుసనుకున్న అంకె తప్పని పట్టించడంలోనే అది ఎక్కువ పనికొస్తుంది.

విద్యార్థులు చేసే తప్పులు వేరు, అవి సులువుగా దొరికిపోతాయి. వేడిని కిలోజౌళ్ళలోనే ఉంచి 8.314 తో భాగిస్తే K₂ దాదాపు K₁ కే సమానంగా వస్తుంది. 375 డిగ్రీలు పెంచినా K కేవలం రెండు శాతం మారిందంటే అది అనుమానించాల్సిన సంగతే. కెల్విన్‌కు బదులు 25, 400 అని నేరుగా పెడితే ln విలువ −400 కూడా దాటుతుంది. చాలా కాలిక్యులేటర్లు అప్పుడు సున్నా చూపిస్తాయి. గుర్తు తారుమారైతే వేడిని వదిలే చర్యకు వేడెక్కిన కొద్దీ K పెరిగినట్టు వస్తుంది. ముందే దిక్కు ఊహించుకుని కూర్చుంటే అది కళ్ళకు కడుతుంది.

వీటన్నిటికంటే తెలివిగా దాక్కునే తప్పు ఇంకొకటి. చాలా పట్టికలు చర్యను ఒక అమ్మోనియా అణువుకు రాసుకుంటాయి, సగం నైట్రోజన్, ఒకటిన్నర హైడ్రోజన్ అని. లార్సన్, డాడ్జ్ కూడా అలాగే రాశారు. 400 డిగ్రీల దగ్గర వాళ్ళ పట్టికలో ఉండేది 0.0129. మన 0.000166 దాని వర్గం. ఆ లెక్కన వేడి కూడా సగమే, 46.1 కిలోజౌళ్ళు. K ఒక పద్ధతిలో, ΔH ఇంకో పద్ధతిలో తీసుకుంటే సమాధానం చూడటానికి బాగానే ఉంటుంది, గుర్తూ సరిగ్గానే ఉంటుంది, దిక్కూ సరిగ్గానే ఉంటుంది, అంకె మాత్రం వేల రెట్లు తప్పు. దీనికి మందు ఒకటే: అంకెల పక్కన చర్యను కూడా రాసి పెట్టుకోవడం.

ఇక కర్మాగారం సంగతి. 400 డిగ్రీల దగ్గర K 0.000166 అంటే, మామూలు పీడనంలో సమతాస్థితి దగ్గర అమ్మోనియా అర శాతం కూడా ఉండదు. ఇంతకంటే చల్లగా చేస్తే ఉత్ప్రేరకం పనిచేయదు, వేడిగా చేస్తే K ఇంకా పడిపోతుంది. కాబట్టి ఉష్ణోగ్రతతో ఆడుకోవడానికి ఇక చోటు లేదు. మిగిలింది పీడనం. నాలుగు అణువులు రెండుగా మారే చర్య కాబట్టి నొక్కితే అమ్మోనియా వైపు జరుగుతుంది. 200 వాతావరణ పీడనాల దగ్గర, అదే 400 డిగ్రీల్లో, వాటా 35 శాతం దాటుతుంది. 1909 జులైలో హాబర్ తన బల్ల మీది యంత్రాన్ని బీఏఎస్ఎఫ్ కంపెనీ వాళ్ళకు నడిపి చూపించింది ఆ స్థాయి పీడనాలలోనే. కార్ల్ బాష్ దాన్ని కర్మాగారంగా మలిచాడు. 1913లో ఓపావులో అమ్మోనియా పారడం మొదలైంది.

అయితే అంత పీడనం దగ్గరికి వచ్చేసరికి మన లెక్కకు ఇంకో హద్దు ఎదురవుతుంది. వాంట్ హాఫ్ సూత్రం ఇచ్చే K ఆదర్శ వాయువులకు చెందినది, అంటే అణువులు ఒకదాన్నొకటి పట్టించుకోవని అనుకునే వాయువులకు. 450 డిగ్రీల దగ్గర లార్సన్, డాడ్జ్ పట్టిక చూస్తే, 10 వాతావరణ పీడనాలకు ఉన్న విలువ కంటే 300 దగ్గరి విలువ, మన చర్య లెక్కలో, 1.8 రెట్లు పెద్దది. ఉష్ణోగ్రత కదల్లేదు, అయినా పీడనాలతో లెక్కగట్టిన K కదిలింది. దట్టంగా నొక్కినప్పుడు అణువుల మధ్య ఆకర్షణలూ వికర్షణలూ లెక్కలోకి వస్తాయి. అప్పుడు పీడనాల స్థానంలో ఫ్యుగాసిటీ అనే సవరించిన పీడనాలు వాడాలి. పద్ధతి ఏమిటంటే, ముందు వాంట్ హాఫ్ సూత్రంతో ఆదర్శ K ను కావలసిన ఉష్ణోగ్రతకు తెచ్చుకుంటారు, ఆ తర్వాతే అక్కడి పీడనానికి తగిన సవరణ చేస్తారు. ఈ రెండూ వేర్వేరు పనులు. రెండోదాని బాధ్యతను మొదటి సూత్రం మీద వేస్తే అది మోయలేదు.